"ధర ఎంతండీ?" నుంచి పార్శిల్ దాకా: డీఎంలలో చీరలు అమ్మేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమలాపురంలో ఉంటాను. పక్కనే ఉన్న బండారులంక నేత కాటన్ చీరల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, వాట్సాప్ బిజినెస్‌లో ఆర్డర్లు తీసుకుంటాను. షాపు లేదు. ముందుగదిలో బీరువా, చేతిలో ఫోను, అంతే. నా దగ్గర ఒక్కో రంగులో సాధారణంగా ఒకే చీర ఉంటుంది. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలో చదువుకోండి. ఒకే డిజైన్ వంద పీసులు తెప్పించి అమ్మేవాళ్లకి కొన్ని జవాబులు మారతాయి, అవి ఎక్కడ మారతాయో చెప్తాను. కొత్తగా పేజీ పెట్టిన చుట్టుపక్కల ఆడవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి.

ధర అడుగుతారు, చెప్పగానే మాయమైపోతారు. ఎందుకండీ?

చాలాసార్లు కారణం ధర కాదు. మనం పంపిన జవాబులోనే మాట ముగిసిపోతుంది. ఆవిడ "ధర ఎంత?" అంది, మనం "1850" అన్నాం. ఇప్పుడు ఆవిడ ఏమనాలి? కొంటానని అప్పుడే అనలేదు, వద్దని మొహం మీద అనలేదు. ఫోను పక్కన పెట్టేస్తుంది. అదే చీర షాపులో అయితే ధర చెప్పి ఊరుకోం కదా, కొంగు విప్పి చూపిస్తూ ఇంకో మాట కలుపుతాం.

ఒక ధర జవాబులో మూడు విషయాలుండాలి. ధర, ఆ ధరలో ఏమేం వస్తాయి, చీర ఇప్పుడు ఉందా లేదా. ఆ తర్వాత ఆవిడ ఒక్క మాటలో చెప్పగల ప్రశ్న ఒకటి. నేను రాసేది ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. BL27 ధర 1,850 రూపాయలు, జాకెట్ ముక్కతో కలిపి. ఈ రంగులో ఒక్కటే ఉంది. మీకేనా, ఎవరికైనా పెట్టడానికా అండీ?"

చివరి ప్రశ్న ఊరికే వేసింది కాదు. తనకోసమే అయితే రంగు అసలు ఎలా ఉంది, మెత్తగా ఉంటుందా, గంజి ఎంత, ఇవే అడుగుతుంది. పెట్టడానికైతే మొదటి సంగతి తేదీ, రెండోది ఇంకో ఇద్దరికి కూడా కావాలా అన్నది. ఆడపడుచుకి పెడితే తోడికోడలికీ పెట్టాలి. ఆ ఒక్క జవాబుతో తర్వాత ఏం మాట్లాడాలో మనకి తెలిసిపోతుంది. "మీ బడ్జెట్ ఎంత?" అని మాత్రం మొదట్లోనే అడక్కండి. మన దగ్గర ఆ మాట కాస్త గుచ్చుకుంటుంది.

ఇంకొకటి, అడిగిన వెంటనే జవాబు. ఆవిడ చేతిలో ఫోనుంది, ఇంకో రెండు పేజీలకి కూడా ఇదే మెసేజ్ పెట్టి ఉంటుంది. సాయంత్రం తీరిగ్గా రాసిన చక్కని జవాబు కంటే పావుగంటలో రాసిన మామూలు జవాబుకే చీర అమ్ముడుపోవడం నేను చూశాను.

అసలు పోస్టు కిందే ధర రాసేస్తే ఈ గొడవ ఉండదు కదా?

ఉండదు. నేను రాసేస్తాను. "ధర కోసం డీఎం చేయండి" అంటే డీఎంలు పెరుగుతాయన్నది నిజమే, కానీ వాటిలో చాలామటుకు ధర చూసి వెళ్లిపోయేవే. వాటి మధ్య నిజంగా కొనే మనిషి మెసేజ్ కిందకి పోతుంది. ధర రాసినప్పుడు వచ్చే డీఎంలు తక్కువే, అయితే అవి "ఉందా?" అని మొదలవుతాయి. "ఎంత?" కంటే "ఉందా?" అన్న మనిషి కొనడానికి చాలా దగ్గర్లో ఉన్నట్టు.

ఏ చీర గురించి అడుగుతున్నారో తెలియక సగం టైము పోతోంది. "ఆ ఎర్రది" అంటారు. నా దగ్గర ఎర్రవి ఆరున్నాయి.

ప్రతి చీరకి ఒక కోడ్ పెట్టండి. ఫొటో మీదే ఒక మూల కనిపించేలా రాయండి, ఎందుకంటే జనం స్క్రీన్ షాట్ తీసి పంపుతారు, కింద రాసిన మాటలు అందులో రావు. అదే కోడ్ చీర మడతలో చిన్న చీటీ మీద కూడా ఉండాలి. నాది `BL` అని మొదలై నంబరుతో ముగుస్తుంది. అమ్ముడైన నంబరు మళ్లీ వాడను. పాత పోస్టు చూసి నాలుగు నెలల తర్వాత అడిగేవాళ్లుంటారు.

ఇన్‌స్టాగ్రామ్ నుంచి వాట్సాప్‌కి పంపేటప్పుడు ఒట్టి నంబరు ఇవ్వకుండా, కోడ్ ముందే రాసి ఉన్న లింకు ఇవ్వండి. స్టోరీలో లింకు స్టిక్కర్‌గా పెట్టుకోవచ్చు. ఇలా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=BL27%20undha
```

X లు ఉన్నచోట మీ పది అంకెల నంబరు. `%20` అంటే మాటల మధ్య ఖాళీ. ఆవిడ లింకు నొక్కితే వాట్సాప్ తెరుచుకుని "BL27 undha" అని టైపు చేసి సిద్ధంగా ఉంటుంది, పంపడమే తరువాయి. ఇది కూడా ఒక రకం ఆటోమేషనే. నా వరకు అన్నిట్లోకీ ఎక్కువ పని చేసింది ఇదే, పైసా ఖర్చు లేదు.

క్విక్ రిప్లైలు ఎలా పెట్టుకోవాలి? ఎన్ని ఉండాలి?

వాట్సాప్ బిజినెస్‌లో `Business tools` లోకి వెళ్తే `Quick replies` అని ఉంటుంది. అక్కడ మెసేజ్ రాసి దానికో చిన్న షార్ట్‌కట్ పేరు పెట్టాలి. తర్వాత ఏ చాట్‌లోనైనా `/` కొడితే జాబితా వస్తుంది, కావలసినది ఎంచుకుంటే ఆ మెసేజ్ టైపు చేసే గడిలోకి వచ్చి కూర్చుంటుంది. దానంతట అది వెళ్లిపోదు. మీరు చూసి, మార్చి, పంపాలి. క్విక్ రిప్లైకీ ఆటోమేటిక్ మెసేజ్‌కీ తేడా ఇదే, ఈ తేడా వల్లే నాకు క్విక్ రిప్లైల మీద నమ్మకం. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలో కూడా ఇలాంటివి `Saved replies` అని ఉన్నాయి.

యాభై దాకా పెట్టుకోనిస్తారు. నా దగ్గర ఏడున్నాయి, రోజూ వాడేవి నాలుగు. `/pay` అంటే డబ్బు ఎలా పంపాలి, `/post` అంటే పార్శిల్ ఎలా, ఎన్ని రోజులు, `/wash` అంటే మొదటిసారి ఎలా ఉతకాలి, `/adr` అంటే చిరునామాలో ఏమేం రాయాలి. చివరిది చిన్నదే అనిపిస్తుంది. కానీ "పిన్ కోడ్, ల్యాండ్ మార్క్, ఇంకో ఫోన్ నంబర్" అని అడగకపోతే మూడుసార్లు తిరిగి అడగాల్సి వస్తుంది. మూడోసారి అడిగేటప్పటికి ఆవిడకి చిరాకు.

ఏది క్విక్ రిప్లైగా పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నదానికి నేను ఒకటే చూస్తాను. ఎవరడిగినా, ఏ రోజు అడిగినా జవాబు ఒకటేనా? కాటన్ చీర ఉప్పునీళ్లలో నానబెట్టి విడిగా ఉతకమన్నది అందరికీ ఒకటే. "ఈ రంగు నాకు నప్పుతుందా?" అన్నదానికి జవాబు ఒకటి కాదు. "ఉందా?" అన్నదానికి కూడా కాదు, పొద్దున ఉన్నది మధ్యాహ్నం ఉండకపోవచ్చు. అందుకే "అవైలబుల్ అండీ" అని క్విక్ రిప్లై పెట్టుకోకండి. బీరువా వైపు చూడకుండానే వేలు దాని మీదకి పోతుంది.

ఎవరడిగినా ఒకటే అనుకున్నవి కూడా కొన్నిసార్లు పాతబడతాయి. నా `/post` లో "మూడు నుంచి ఐదు రోజులు" అని ఉండేది. ఒక ఏడాది గోదావరికి వరదొచ్చి లంకల్లోకి కాజ్‌వేలు మునిగిపోయినప్పుడు కూడా నేను అదే పంపుతూ కూర్చున్నాను. పి.గన్నవరం అవతల లంకలో ఒకావిడ నీళ్లలో పడవ వెళ్తున్న ఫొటో పంపి, "మీ ఐదు రోజులు దీని మీద వస్తాయా అండీ?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది, నాకు మాత్రం సిగ్గేసింది. అప్పటి నుంచి జూలై, ఆగస్టుల్లో `/post` వేరే రాస్తాను. నెలకోసారి అన్నీ తెరిచి చదువుకుంటాను.

గ్రీటింగ్ మెసేజ్ పెట్టాలా?

పెట్టండి, రెండు వాక్యాలు దాటనివ్వకండి. అది ఎవరికి వెళ్తుందో ముందు తెలుసుకోవాలి. మొదటిసారి మెసేజ్ చేసినవాళ్లకి, పద్నాలుగు రోజులు ఏ మాటా లేకుండా మళ్లీ మెసేజ్ చేసినవాళ్లకి వెళ్తుంది. ఈ రెండో సంగతి చాలామంది గమనించరు. నాలుగు చీరలు కొన్న పాత కస్టమర్ నెల తర్వాత పలకరిస్తే "మా పేజీకి స్వాగతం! మిమ్మల్ని కలవడం సంతోషం!" అని పోతుంది. ఆవిడ ఎవరో మనం మర్చిపోయినట్టే ఉంటుంది కదా. కొత్తవాళ్లకీ పాతవాళ్లకీ సరిపోయేలా రాయాలి.

రెండో తప్పు, గ్రీటింగ్‌లో "మీకేం కావాలో చెప్పండి" అనడం. ఆవిడ అప్పటికే "BL27 ఉందా?" అని చెప్పింది. చెప్పిందాన్నే మళ్లీ చెప్పమంటే అవతల మనిషి లేరని అర్థమైపోతుంది. నేను రాసుకున్నది:

"నమస్తే అండీ. మీ మెసేజ్ చేరింది. చీర చూసి నేనే జవాబిస్తాను. కోడ్ లేకపోతే స్క్రీన్ షాట్ పెట్టండి చాలు."

"నేనే" అన్న మాట ఉంది కాబట్టి ఆ తర్వాత నేనే రావాలి. గ్రీటింగ్ వెళ్లిపోయింది కదా అని గంటలు గడిపేస్తే, అసలు గ్రీటింగ్ లేనప్పటికంటే ఎక్కువ కోపం వస్తుంది.

రాత్రిళ్లు వచ్చే మెసేజ్‌లకి, మనం లేనప్పుడు దానంతట అదే వెళ్లే ఎవే మెసేజ్ సరిపోతుందా?

సరిపోతుంది, టైము నిజం చెప్తే. "త్వరలో సంప్రదిస్తాం" అన్నది జవాబు కాదు. "రాత్రి తొమ్మిది దాటాక చూడనండీ. పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చిన వరసలో జవాబిస్తాను" అంటే ఆవిడ నిశ్చింతగా పడుకుంటుంది. వచ్చిన వరసలో అన్న మాట ఒక్క చీర ఉన్నవాళ్లకి ముఖ్యం, ముందు అడిగినవాళ్లకే ముందు.

వాట్సాప్‌లో టైము పెట్టుకోవచ్చు, మీ వ్యాపార వేళలు దాటాక మాత్రమే వెళ్లేలా కూడా పెట్టుకోవచ్చు. ఎవరికి వెళ్లాలన్నది కూడా మన చేతిలోనే ఉంది. ఇంటివాళ్లు, చుట్టాలు అదే నంబరు వాడుతుంటే వాళ్లని మినహాయించండి. మా పిన్నిగారికి రాత్రి పదింటికి "వ్యాపార వేళలు ముగిసినవి" అని పోయింది. ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేసి "వేళలు తెరిచారా అమ్మా?" అంటుంది. ఇంకో సంగతి, ఫోన్‌లో నెట్ లేకపోతే ఎవే మెసేజ్ వెళ్లదు. గాలివానకి కరెంటు పోయి ఫోను ఆగిపోయిన రాత్రి దాన్ని నమ్ముకోవద్దు.

కామెంట్‌లో "ప్రైస్" అని పెడితే ఆటోమేటిక్‌గా డీఎం వెళ్లే టూల్ అందరూ వాడుతున్నారు. నేనూ తీసుకోనా?

ముందు అది ఎలా పని చేస్తుందో చూడండి. మీ రీలు కింద ఎవరైనా ఫలానా మాట కామెంట్ చేస్తే, టూల్ వాళ్లకి ఒక డీఎం పంపుతుంది. ఆ కామెంటుకి ఒక్క మెసేజే పంపనిస్తారు, అదీ ఏడు రోజుల్లోపు. ఆవిడ దానికి జవాబిస్తే అప్పటి నుంచి 24 గంటలు టూల్ మాట్లాడవచ్చు. అది దాటితే టూల్ మామూలు ఆటోమేటిక్ మెసేజ్‌లు పంపకూడదు. మీరు యాప్ తెరిచి మీ చేత్తో రాయడానికి ఈ అడ్డు లేదు. అంటే టూల్‌కి దక్కేది ఒక్క మాట. ఆ ఒక్క మాటలో ధర మాత్రమే పంపితే మొదటి ప్రశ్నలో చెప్పిందే జరుగుతుంది, కాకపోతే ఈసారి రెండు వందల మందితో ఒకేసారి.

ఒకే డిజైన్ ముప్పై, నలభై పీసులుండి, రీలు బాగా పోయి, కామెంట్లు వెల్లువలా వస్తుంటే ఈ టూల్ నిజంగా మేలు చేస్తుంది. చేత్తో అయితే రెండు రోజులు పట్టేది, ఆలోపు చల్లారిపోతారు. నాలాగా ఒక్కటే చీర ఉన్నవాళ్లకి మాత్రం ఇది చేటు. నేను ఒకసారి వాడి చూశాను. రీలు పెట్టిన గంటలో చీర అమ్ముడైంది. నేను పార్శిల్ కట్టే పనిలో పడి టూల్ ఆపడం మర్చిపోయాను. ఆ రాత్రంతా అది కామెంట్ పెట్టినవాళ్లందరికీ ధర చెప్పి, కొనుక్కోమని లింకు ఇస్తూనే ఉంది. పొద్దున్న లేచి ఒక్కొక్కరికీ "అయిపోయిందండీ, క్షమించండి" అని రాయడానికి పదకొండయింది. ఇద్దరు "లేనిది చూపించి పిలుస్తారా?" అన్నారు. ఆ మాట తప్పని ఎలా అంటాను?

కీవర్డ్‌లు పెట్టుకుంటే సరిగ్గా గుర్తు పడుతుందా?

మన జనం మెసేజ్‌లు ఒకసారి చదవండి. "price", "rate cheppandi", "entha andi", "yentha", "cost pls", "pp", "ధర?", "ఎంతండి". కీవర్డ్‌గా "price" ఒక్కటే పెడితే వీటిలో చాలావరకు తప్పిపోతాయి. సరే అని "entha" కూడా చేర్చారనుకోండి. "entha bagundo akka!" అని ఒకమ్మాయి మెచ్చుకుంటే దానికి ధర పట్టీ పోతుంది. ఇంకా ఘోరం, "entha sepu chudali, parcel raledu" అన్న ఫిర్యాదుకి కూడా ధరే పోతుంది. మాటలో కొంత భాగం కలిసినా చాలు అన్న సెట్టింగ్ పెట్టకండి, మెసేజ్ మొత్తం ఆ మాటే అయితేనే అన్నది ఎంచుకోండి. కొన్ని తప్పిపోతాయి, వాటికి చేత్తో రాయండి. తప్పిపోవడం కంటే తప్పుగా తగలడం ఎక్కువ నష్టం.

ఒక ఆర్డరు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో చెప్తారా?

మొన్న నడిచినదే చెప్తాను. గురువారం ఉదయం పదకొండు దాటాక భీమవరం నుంచి ఒకావిడ లింకు నొక్కి "BL27 undha" అని పంపింది. గ్రీటింగ్ దానంతట అదే వెళ్లింది. నేను బీరువా తెరిచి చీర ఉందని చూసుకుని, ధర, జాకెట్ ముక్క, ఒక్కటే ఉంది, మీకేనా పెట్టడానికా, ఇవి రాశాను. ఆవిడ "మా ఆడపడుచుకండీ, వచ్చే బుధవారం వాళ్ల గృహప్రవేశం" అంది.

ఇక ధర ఊసు లేదు, అంతా తేదీ మీదే. నేను `/post` తెరిచి, దానిలో ఉన్న "మూడు నుంచి ఐదు రోజులు" చెరిపేసి, "రేపు శుక్రవారం పొద్దున పోస్టులో వేస్తాను. సోమవారానికి రావాలి, ఆలస్యమైతే మంగళవారం. బుధవారం పొద్దునకి ఒక్క రోజే వెసులుబాటు ఉంది, చూసుకోండి" అని రాశాను. ఇలా భయాన్ని ముందే చెప్తే ఆర్డరు పోతుందేమో అని చాలామందికి టెన్షన్. తేదీ గురించి దాచకుండా చెప్పినందుకు ఆర్డరు పోయింది నాకు గుర్తులేదు. దాచి, పార్శిల్ ఒక రోజు ఆలస్యమై, మనిషినే పోగొట్టుకున్నది గుర్తుంది.

తర్వాత "రంగు కుంకుమా, మెరూనా? ఫొటోలో తెలియట్లేదు" అంది. దీనికి ఏ క్విక్ రిప్లై పనికొస్తుంది? కిటికీ దగ్గర ఎండ వెలుగులో చీర పరిచి, పక్కన కుంకుమభరిణె మూత తీసి పెట్టి, పది సెకన్ల వీడియో తీసి పంపాను. కుంకుమ కంటే ఒక పిసరు ముదురని ఆవిడకే తెలిసిపోయింది. "బాగుందండీ, పంపండి" అంది.

అప్పుడు `/pay`. అందులో లెక్క నేను నింపాలి: చీర 1,850, పార్శిల్ 80, మొత్తం 1,930. కింద "ఒంటిగంట దాకా మీకోసం ఆపుతానండీ" అని కలిపాను. ఒక్క చీర ఉన్నప్పుడు ఈ గడువు తప్పనిసరి, లేకపోతే "రేపు పంపుతా" అంటూ వారం పోతుంది. ఈలోపు రాజోలు నుంచి ఇంకొకరు అదే చీర అడిగారు. "ఒంటిగంట దాకా వేరేవాళ్లకి ఆపానండీ, వాళ్లు వద్దంటే ముందు మీకే చెప్తాను" అన్నాను. పన్నెండున్నర దాటాక డబ్బు వచ్చింది. బ్యాంకు యాప్‌లో చూసుకున్నాక `/adr` పంపాను. రాజోలు ఆవిడకి అయిపోయిందని చెప్పి, దగ్గర రంగులో ఉన్న ఇంకో చీర ఫొటో పెట్టాను. అది ఆవిడ కొనలేదు, ఫర్వాలేదు.

వాట్సాప్‌లో ప్రతి చాట్‌కి లేబుల్ తగిలించుకోవచ్చు. కొత్త కస్టమర్, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, ఇలాంటివి ముందే ఉంటాయి. ఈ చాట్‌కి `Pending payment` పెట్టి, డబ్బు రాగానే `Paid` కి మార్చాను. రాత్రి పడుకునే ముందు `Pending payment` లేబుల్ ఒకటే తెరిచి చూస్తాను.

లెక్కేస్తే, ఈ చాట్‌లో మనిషి లేకుండా వెళ్లింది ఒక్క గ్రీటింగ్. మూడు క్విక్ రిప్లైలు వాడాను, రెండింటిని మార్చి పంపాను. చీర అమ్మింది మాత్రం ఆ కుంకుమభరిణె వీడియో.

డబ్బు పంపినట్టు స్క్రీన్ షాట్ వస్తే "థాంక్యూ, ఆర్డర్ కన్ఫర్మ్" అని ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టొచ్చా?

వద్దు. స్క్రీన్ షాట్ రుజువు కాదు. పాతది పంపొచ్చు, అంకెలు మార్చిందీ పంపొచ్చు. మీ బ్యాంకు ఖాతాలో చేరిందో లేదో చూశాకే కన్ఫర్మ్ అనాలి. "ఎక్కువ పంపేశాను, తిరిగి పంపండి" అని తొందరపెడితే మరీ నెమ్మదించండి. మనకి డబ్బు రావడానికి మన పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు.

అడిగి ఊరుకున్నవాళ్లని మళ్లీ కదపాలా?

ఒక్కసారి, మర్నాడు, కొత్త సంగతి ఏదైనా ఉంటేనే. "చూశారా అండీ?" అన్నది కొత్త సంగతి కాదు. "నిన్న మీరడిగిన దానికి పగటి వెలుగులో వీడియో తీశాను" అన్నది కొత్త సంగతి. దానికీ పలక్కపోతే వదిలేయండి, పండగ ముందు వాళ్లే వస్తారు.

సంక్రాంతి ముందు పాత కస్టమర్లందరికీ చెప్పడానికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంది. ఒక లిస్టులో 256 మంది, అదీ మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే పార్శిల్‌లో పెట్టే చీటీ మీద "ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త చీరలు పెడతాను" అని రాస్తాను. ఎక్కడో కొన్న నంబర్లకి గుంపుగా పంపే సాఫ్ట్‌వేర్ అమ్ముతామని వచ్చేవాళ్లని గుమ్మంలోంచే పంపేయండి. జనం రిపోర్ట్ కొడితే వాట్సాప్ మీ నంబరే ఆపేస్తుంది. నంబరు పోతే కస్టమర్లందరూ పోయినట్టే.

ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్‌లే రావట్లేదు. పేజీ బాగానే నడుస్తోంది మరి.

`Requests` తెరిచి చూశారా? మిమ్మల్ని ఎరగనివాళ్లు పంపినవి అక్కడికి పోతాయి. దాని లోపల `Hidden Requests` కూడా ఉంటుంది. రోజుకి రెండుసార్లు చూడండి.

నెలకి డబ్బు కట్టి టూల్ తీసుకోవాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

ఒక వారం నోటుబుక్కు పట్టుకోండి. పేజీ మధ్యలో గీత గీసి, వచ్చిన ప్రతి ప్రశ్నకీ ఒక గీటు పెట్టండి. ఎడమ వైపు, చీర చూడకుండా మనిషిని అడక్కుండా చెప్పగలిగినవి. కుడి వైపు, చూసి లేదా అడిగి చెప్పాల్సినవి. ఎడమ గీట్లు రోజుకి పదీ పదిహేను అయితే క్విక్ రిప్లైలతో గడిచిపోతుంది, టూల్ అక్కర్లేదు. ఎడమ వైపే యాభై దాటి, వాటికి రాస్తూ కుడివైపు వాళ్లకి ఆలస్యం చేస్తున్నారంటే టూల్ ఆలోచించండి. అదీ ఎడమ వైపు వాటికే కట్టుకోండి.

తీసుకుంటే రెండు చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్ లాగిన్ పేజీ ద్వారా అనుమతి అడిగేదై ఉండాలి, మీ పాస్‌వర్డ్ వాళ్ల ఫారంలో టైపు చేయమంటే వద్దు. రెండోది, ఒక్క నొక్కుతో ఆపే మీట ఫోన్‌లోనే ఉండాలి. చీర అమ్ముడైన క్షణంలో మీరు కంప్యూటరు ముందు ఉండరు కదా.

ఫిర్యాదు వస్తే?

ఆ చాట్‌లో ఆటోమేటిక్‌వి అన్నీ ఆపేయండి, క్విక్ రిప్లై కూడా వాడకండి. "రంగు దిగిందండీ" అన్న మనిషికి `/wash` పంపితే తప్పు ఆవిడదే అన్నట్టుంటుంది. నేనొకసారి పంపాను. చేత్తో రాయండి, లేదా ఫోను చేయండి. ఫోనెత్తగానే ముందు ఆవిడని పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో "ఆయ్, ఆయ్" అంటే చాలు.